ఫలితాల షీట్: అభ్యర్థుల ఓట్లు కూడితే 180 ఎక్కువ వస్తోంది, పోలింగ్ శాతం కూడా కుదరడం లేదు

పట్టికపని
ఒక నియోజకవర్గం ఫలితాల షీట్‌ను డేటాలోకి ఎక్కిస్తున్నాను. పేపర్ బ్యాలెట్, ఓటరుకు ఒక్క ఓటు, ఒక్క సీటు. పేర్లు తీసేసి అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను.

మొత్తం ఓటర్లు: 86,412
అభ్యర్థి 1: 24,318, 46.64 శాతం
అభ్యర్థి 2: 19,765, 37.91 శాతం
అభ్యర్థి 3: 6,482, 12.43 శాతం
అభ్యర్థి 4: 1,209, 2.32 శాతం
అభ్యర్థి 5: 547, 1.05 శాతం
చెల్లిన ఓట్లు: 52,141
చెల్లని ఓట్లు: 638
పోలైన ఓట్లు: 52,779
పోలింగ్ శాతం: 60.34
మెజారిటీ: 4,373

అయిదుగురివీ కూడితే 52,321 వస్తోంది. షీట్‌లో ఉన్న దానికన్నా 180 ఎక్కువ. పోలింగ్ శాతం నేను లెక్కేస్తే 61.08. ఏ అంకెను నమ్మాలి?

గోదారిగట్టు
అభ్యర్థుల ఓట్లే అసలు లెక్క, మొత్తాలు తర్వాత ఎవరో వేసుకునేవి. 52,141 కొట్టేసి 52,321 రాసుకోండి. శాతాల్లో తేడా రౌండింగ్ వల్ల వస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

నిలువుఅడ్డం
అలా దిద్దితే ఇంకోచోట తెగుతుంది. 52,321కి 638 కలిపితే 52,959. షీట్‌లో పోలైన ఓట్లు 52,779. అంటే ఆ అంకెనూ మార్చాలి. మెజారిటీ ఎలాగూ కుదరడం లేదు, దాన్నీ మార్చాలి. ఒక్క తప్పు దిద్దడానికి మూడు అంకెలు మార్చాల్సి వస్తోందంటే చేయి తప్పు చోట పెట్టినట్టే.

ముందు తేడానే చూడండి. 180 తొమ్మిదితో భాగమవుతుంది. టైపు చేసేటప్పుడు పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిది గుణిజమే. ఒకట్లు, పదులు మారితే 9, 18, 27 అలా వస్తుంది. పదులు, వందలు మారితే 90, 180, 270 అలా. ఇక్కడ 180 కాబట్టి పదుల అంకెకూ వందల అంకెకూ మధ్య తేడా రెండు ఉన్న సంఖ్యను వెతకాలి, అందులోనూ వందల అంకె పెద్దదై ఉండాలి.

ఆ లెక్కన ఇద్దరే దొరుకుతారు. అభ్యర్థి 1కి 24,318 బదులు 24,138 అయి ఉండొచ్చు. లేదా అభ్యర్థి 4కి 1,209 బదులు 1,029. మిగతా ముగ్గురిలో ఆ తేడా రాదు. 6,482లో నాలుగు, ఎనిమిది ఉన్నాయి కానీ వాటి మధ్య తేడా నాలుగు.

ఒక జాగ్రత్త. ఏ తేడా అయినా తొమ్మిదిలో ఒకసారి ఊరికే కూడా తొమ్మిదితో భాగమవుతుంది. కాబట్టి ఇది అనుమానం మాత్రమే, రుజువు కాదు.

గోదారిగట్టు
అయితే అభ్యర్థి 4దే తప్పు. అభ్యర్థి 1 శాతం 46.64 ఇచ్చారు. 24,318ని 52,141తో భాగిస్తే సరిగ్గా 46.64. శాతం కుదిరింది కదా, ఆ సంఖ్య సరైనదే.

నిలువుఅడ్డం
అదే లెక్క నాలుగో అభ్యర్థికి వేయండి. 1,209ని 52,141తో భాగిస్తే 2.32, అదీ కుదురుతుంది. మీ తర్కం ప్రకారం ఇద్దరివీ సరైనవే, మరి 180 ఎక్కడిది?

శాతాలు విడిగా ఎవరో లెక్కించి రాసినవి కావు, పక్క గడిలోని సంఖ్య నుంచి ఫార్ములా తీసినవి. సంఖ్య తప్పైతే శాతమూ దానితోపాటే తప్పుతుంది, చూడ్డానికి మాత్రం జత కుదిరినట్టే ఉంటుంది. అయిదు శాతాలూ కూడండి: 100.35 వస్తుంది. రెండు దశాంశాలకు రౌండ్ చేసినప్పుడు ఒక్కో గడిలో పోయేది గరిష్ఠంగా 0.005. అయిదు గడులకు 0.025. కాబట్టి రౌండింగ్ వల్ల 99.98 నుంచి 100.02 దాకా రావచ్చు, 100.35 రాదు. పైగా ఆ అదనపు 0.35 అన్నది 52,141లో 180 ఎంత శాతమో అంతే.

ఇంకా వాడని అంకె ఒకటుంది, మెజారిటీ. 24,138 నుంచి 19,765 తీసేస్తే 4,373, షీట్‌లో ఉన్నది సరిగ్గా అదే. 24,318 తీసుకుంటే 4,553 వచ్చి ఉండాలి. ప్రకటన చేసేటప్పుడు మెజారిటీని వేరేగా చదువుతారు, వేరేగా రాసుకుంటారు. అందుకే టైపింగ్ తప్పు దాకా అది పాకలేదనుకోవచ్చు. అభ్యర్థి 1కి 24,138 పెడితే మొత్తం, పోలైన ఓట్లు, మెజారిటీ మూడూ కూర్చుంటాయి. మార్చింది రెండు అంకెల స్థానం ఒక్కటే.

ఫారం_ఇరవై
దీనికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు కదా? మొత్తం వేసేటప్పుడు పోస్టల్ బ్యాలెట్ వరుస వదిలేయడం చాలా మామూలు. అభ్యర్థుల గడుల్లో పోస్టల్ కలిసి ఉంటుంది, మొత్తంలో ఉండదు. 180 పోస్టల్ ఓట్లు అనుకోండి, అంతే తేడా వస్తుంది. తొమ్మిదితో భాగమవడం కాకతాళీయం కావచ్చు.

నిలువుఅడ్డం
అనుమానించాల్సిందే. కానీ దీనికి మెజారిటీ ఒప్పుకోదు. వదిలేసిన వరుసలోని ఓట్లు అభ్యర్థుల మధ్య పంపకమై ఉంటాయి. అప్పుడు మెజారిటీలో తేడా 180 కన్నా తక్కువ రావాలి. ఇక్కడ మొత్తంలోనూ 180, మెజారిటీలోనూ 180. అంటే ఆ వరుసలో ఓట్లన్నీ ఒక్క అభ్యర్థికే పడి, మిగతా నలుగురికీ సున్నా వచ్చి ఉండాలి. 180 పోస్టల్ ఓట్లలో అలా జరగడం కన్నా రెండు అంకెలు తారుమారు కావడమే తేలిక.

ఫారం_ఇరవై
ఒప్పుకుంటున్నాను. తేడాను రెండు చోట్ల పోల్చడం నాకు తట్టలేదు. బూత్ వారీ వరుసలు చేతికొస్తే ఈ వాదనంతా అక్కర్లేదు, అభ్యర్థి 1 నిలువు మొత్తం వేస్తే తేలిపోతుంది.

పట్టికపని
బూత్ వారీ నా దగ్గర లేదు. సరే, 24,138గా అనుకుని ముందుకెళ్తాను, పక్కన గమనిక రాస్తాను. మరి పోలింగ్ శాతం? 52,779ని 86,412తో భాగిస్తే 61.08. షీట్ 60.34 అంటోంది.

దశాంశం
శాతం నుంచి ఓట్లలోకి వెనక్కి వెళ్లండి. 60.34 అని రాశారంటే అసలు విలువ 60.335కీ 60.345కీ మధ్య ఉంది. 86,412 మందిలో అది 52,137 నుంచి 52,145 ఓట్ల దాకా. షీట్‌లో ఆ మధ్యలో పడే సంఖ్య ఏది? 52,141, అంటే చెల్లిన ఓట్లు. పోలైన ఓట్లు వేయాల్సిన చోట చెల్లిన ఓట్లు వేసి భాగించారు.

ఈ పొరపాటు పదేపదే కనిపిస్తుంది. పోలింగ్ శాతానికి పైన ఉండాల్సింది పోలైన ఓట్లు. ఓటు చెల్లకపోయినా ఆ మనిషి వచ్చి వేసినట్టే. అభ్యర్థి శాతానికి కింద ఉండాల్సింది చాలాచోట్ల చెల్లిన ఓట్లు. ఈ రెండిట్లో ఒకదానికి మరొకటి వాడితే తేడా మరీ పెద్దగా ఉండదు, అందుకే కంటికి ఆనదు.

శాతం తనిఖీకి ఓ హద్దు కూడా ఉంది. ఇక్కడ రెండు దశాంశాల్లో ఇచ్చారు కాబట్టి తొమ్మిది ఓట్ల వెడల్పున్న కిటికీ దొరికింది. 60.3 అని ఒక్క దశాంశంతో ఇచ్చి ఉంటే కిటికీ దాదాపు 86 ఓట్లయ్యేది. అంతలోపు తప్పును శాతం పట్టలేదు. ఓటర్ల సంఖ్య లక్షల్లోకి వెళ్తే ఇంకా వదులవుతుంది.

లంకదారి
దీన్ని సరిగ్గా చూపించే నిజమైన షీట్ కావాలంటే శ్రీలంక 2024 అధ్యక్ష ఎన్నికలది తీసుకోండి, మొదటి ప్రాధాన్య ఓట్ల లెక్క. నమోదైన ఓటర్లు 1,71,40,354. చెల్లినవి 1,33,19,616. చెల్లనివి 3,00,300. రెండూ కూడితే 1,36,19,916, అదే పోలైనవి. దాన్ని ఓటర్లతో భాగిస్తే 79.46 శాతం. అనుర కుమార దిసనాయకెకు 56,34,915 ఓట్లు, 42.31 శాతం. ఈ 42.31 చెల్లిన ఓట్ల మీద వేసింది. పోలైన ఓట్ల మీద వేస్తే 41.37 అవుతుంది. తెలియకుండా వేసినవాళ్లు షీటే తప్పంటారు.

అక్కడ ఎవరికీ సగం దాటక రెండో లెక్కింపు జరిగింది. దాని అంకెలు తెచ్చి ఈ మొత్తంతో పోలిస్తే అసలు కుదరవు, రెండు లెక్కలనూ కలపకండి.

గోదారిగట్టు
మన దగ్గర చెల్లని ఓట్లంటే నోటాయే కదా? మిషన్లు వచ్చాక చెల్లని ఓటు అన్నదే ఎక్కడుంది?

ఫారం_ఇరవై
కాదండీ, రెండూ వేర్వేరు గడులు. సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరులో తీర్పిచ్చాక నోటా వచ్చింది. మన ఫలితాల షీట్ అయిన ఫారం 20లో అభ్యర్థుల ఓట్లు, వాటి మొత్తంగా చెల్లినవి, తర్వాత తిరస్కరించినవి, తర్వాత నోటా, ఆ తర్వాత మొత్తం. మీరు నోటాను తిరస్కరించిన గడిలో వేస్తే మొత్తం కుదురుతుంది, అదే చిక్కు. మొత్తం కుదిరింది కదా అని వదిలేస్తారు, తిరస్కరించిన ఓట్లు మాత్రం వందల్లో పెరిగిపోయి కనిపిస్తాయి. నోటాను చెల్లిన ఓట్లలో కలిపినా ఇబ్బందే, డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి, ఆ లెక్కలోకి నోటా రాదు.

ఈవీఎం బూత్ వరుసల్లో తిరస్కరించినవి సున్నాయే ఉంటాయి. సంఖ్య వచ్చేది కింద పోస్టల్ బ్యాలెట్ వరుసలో. పోస్టల్ వరుసలో సున్నా ఉండి పై బూత్ వరుసల్లో సంఖ్య కనిపిస్తే గడులు జరిగాయేమో చూడండి. చివరి గడిలో టెండర్ ఓట్లు ఉంటాయి, అంటే తన పేరు మీద అప్పటికే ఇంకొకరు ఓటు వేసేస్తే అసలు ఓటరు విడిగా వేసేవి. వాటిని లెక్కించరు, మొత్తంలో కలపకూడదు. పక్కనే ఉంది కదా అని `SUM` లోకి లాగేస్తారు, రెండో మూడో ఓట్ల తేడా వస్తే ముందు అక్కడ చూడాలి.

కాలేజీసంఘం
మాదీ ఇదే సమస్య. మా ఎన్నికలో 412 బ్యాలెట్లు, చెల్లనివి 9. కానీ అభ్యర్థుల ఓట్లు కూడితే 1,127 వస్తోంది. మూడు సీట్లకు ఒకేసారి ఎన్నిక. రెండు రెట్లు దాటింది, రిగ్గింగ్ అనుకోవాలా?

దశాంశం
మీది వేరే లెక్క. ఓటరు మూడు పేర్ల దాకా టిక్ పెట్టొచ్చు కదా? అప్పుడు అభ్యర్థుల ఓట్ల మొత్తం బ్యాలెట్ల సంఖ్యకు సమానం కానే కాదు. చెల్లిన బ్యాలెట్లు 403, మూడేసి చొప్పున గరిష్ఠం 1,209. మీకొచ్చింది 1,127. మిగిలిన 82 కొందరు ఒకటో రెండో పేర్లకే ఆపేసినవి. మొత్తం 1,209 దాటితేనో, 403 కన్నా తగ్గితేనో తప్పని కచ్చితంగా చెప్పొచ్చు. అభ్యర్థి ఒక్కడికే 403 దాటినా తప్పే.

కాలేజీసంఘం
82 వదిలేసినవేనని ఎలా తెలుస్తుంది? తప్పు కూడికైనా కావచ్చుగా.

దశాంశం
లెక్కించినప్పుడు ఖాళీగా వదిలిన టిక్కులను విడిగా రాసి ఉంటే తెలుస్తుంది. రాయకపోతే షీట్ నుంచి తెలియదు, బ్యాలెట్లు మళ్లీ చూడాల్సిందే.

నిలువుఅడ్డం
పట్టికపని గారికి, ఇలాంటివి చాలా ఎక్కించేటట్టయితే వరుస చివర తనిఖీ గడులు పెట్టుకోండి. B ఓటర్లు, C నుంచి G అభ్యర్థులు, H చెల్లినవి, I చెల్లనివి, J పోలైనవి, K పోలింగ్ శాతం అనుకుంటే:

```
=SUM(C2:G2)-H2
=H2+I2-J2
=ROUND(J2/B2*100,2)-K2
=COUNTA(C2:G2)-COUNT(C2:G2)
```

నాలుగూ సున్నా రావాలి. చివరిది చాలామంది పెట్టరు. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన సంఖ్యలు కొన్ని అక్షరాలుగా దిగుతాయి, ముందో వెనకో ఖాళీ అంటుకుని ఉంటుంది. `SUM` వాటిని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. తేడా సరిగ్గా ఒక అభ్యర్థి ఓట్లంతే వచ్చిందంటే చాలావరకు ఇదే.

బూత్ వారీ ఉంటే అడ్డం మొత్తాలూ నిలువు మొత్తాలూ రెండూ వేయండి. ఒక్క గడిలో తప్పుంటే ఆ వరుసలోనూ ఆ నిలువులోనూ ఒకే తేడా కనిపిస్తుంది, రెండూ కలిసే గడే దోషి. ఒక బూత్‌లో ఇద్దరి ఓట్లు ఒకరివి మరొకరికి పడితే అడ్డం మొత్తం మారదు, పోలింగ్ శాతం మారదు, పైన ఇచ్చిన నాలుగు ఫార్ములాలూ సున్నాయే చూపిస్తాయి. నిలువుల్లో మాత్రం ఒకరికి ఎంత పెరిగిందో మరొకరికి అంతే తగ్గుతుంది. అడ్డం లెక్క ఒక్కటే చూసేవాళ్లకు అది ఎప్పటికీ దొరకదు.

పట్టికపని
ఫార్ములాలు పెట్టాను. 24,138 వేశాక మొదటి రెండూ సున్నా, మూడోది 0.74, అది దశాంశం గారు చెప్పిన కారణమే. అయితే షీట్ రెండో పేజీ ఇప్పుడు చూశాను. చెల్లని ఓట్లను కారణాల వారీ ఇచ్చారు: గుర్తు వేయనివి 214, ఒకరికి మించి వేసినవి 307, ఓటరు ఎవరో తెలిసిపోయేలా ఉన్నవి 96, అధికారిక ముద్ర లేనివి 66. కూడితే 683. మొదటి పేజీలో 638.

గోదారిగట్టు
మళ్లీ తారుమారు! 683, 638. తేడా 45, తొమ్మిది అయిదులు. ఈసారి నేనే చెప్పేశాను. కానీ చెల్లినవి, చెల్లనివి కలిపితే పోలైనవి 52,779 కుదిరింది కదా, కాబట్టి 638 సరైనది, రెండో పేజీయే తప్పు.

నిలువుఅడ్డం
తారుమారు అన్నది బాగానే పట్టారు. మిగతా సగం ఒప్పుకోలేను. 52,779 ఎక్కడి నుంచి వచ్చిందన్నది ప్రశ్న. పెట్టెలు తెరిచి బ్యాలెట్లు లెక్కపెట్టి రాసినదైతే 638కి అది సాక్ష్యం. చెల్లినవి, చెల్లనివి కూడి రాసినదైతే అది సాక్ష్యం కాదు, 638 తప్పైనా కుదురుతుంది, ఇంకే సంఖ్య వేసినా కుదురుతుంది. పోలింగ్ శాతం ఇక్కడ ఆదుకునేది. 683 నిజమైతే పోలైనవి 52,824, శాతం 61.13. 638 అయితే 61.08. కానీ ఈ షీట్‌లో శాతాన్ని చెల్లిన ఓట్ల మీద వేసేశారు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

రెండో పేజీ నాలుగు విడి సంఖ్యల కూడిక. ఆ నాలుగిట్లో ఏదో ఒకటి తప్పై, మొత్తం సరిగ్గా 638కి అంకెలు తిరగేసినట్టు 683 రావడం అరుదు. కాబట్టి నా మొగ్గు 683 వైపే. కానీ మొగ్గుతో అంకె మార్చకూడదు. బ్యాలెట్ పేపర్ల ఖాతా ఏమైనా ఉందా? ఎన్ని ఇచ్చారు, పెట్టెల్లో ఎన్ని దొరికాయి?

పట్టికపని
ఇచ్చినవి మాత్రమే ఉంది, 52,831. పెట్టెల్లో దొరికినవి రాసిన పేజీ స్కాన్‌లో లేదు.

ఫారం_ఇరవై
దొరికినవి ఇచ్చిన వాటికన్నా ఎక్కువ ఉండకూడదు. 52,824 అయితే ఏడు తక్కువ, 52,779 అయితే 52 తక్కువ. రెండూ హద్దులోనే ఉన్నాయి. బ్యాలెట్ తీసుకుని పెట్టెలో వేయకుండా వెళ్లేవాళ్లు ఉంటారు కానీ ఎన్ని బూత్‌లు ఉన్నాయో తెలియకుండా 52 ఎక్కువా కాదా అన్నది నేను చెప్పను.

దశాంశం
ఫలితానికి ఢోకా లేదు, మెజారిటీ 4,373, గొడవ 45 బ్యాలెట్ల మీద. అదే మెజారిటీ 30 అయి ఉంటే ఆ స్కాన్‌లో లేని పేజీ కోసం ఇప్పటికి ఎవరో ఒకరు దరఖాస్తు పెట్టి ఉండేవారు.

పట్టికపని
అభ్యర్థి 1కి షీట్‌లో ఉన్న 24,318 ఒక గడిలో, దిద్దిన 24,138 పక్క గడిలో, కారణంగా మెజారిటీ అని రాశాను. చెల్లనివి 638 అలాగే ఉంచి, రెండో పేజీ ప్రకారం 683 అని పక్కన పెట్టాను. పోలైనవి, పోలింగ్ శాతం తేలలేదని గుర్తు పెట్టాను. పెట్టెల లెక్క ఉన్న పేజీ కోసం అడుగుతాను.

గోదారిగట్టు
రెండు గడులు ఎందుకండీ, దిద్దింది ఒక్కటి చాలదా?

నిలువుఅడ్డం
రేపు బూత్ వారీ దొరికి అభ్యర్థి 1 నిలువు మొత్తం 24,318 అని తేలితే, అసలు అంకె ఏదో మీ ఫైల్లో ఉండాలి కదా.